పెద్దవాళ్లు ఏఐకి ఫొటో పంపేముందు వినాల్సిన మాటలు

ప్రశ్న: "మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వచ్చే ఆదివారం మా వీధిలోని పెద్దవాళ్లను రామాలయం దగ్గర కూర్చోబెట్టి, ఏఐకి ఫొటోలు ఎలా పంపాలో, దానితో ఏ పనులు చేయించుకోవచ్చో చెప్పాలి. అరగంట సమయం ఇచ్చారు. చాలామందికి ఫోనులో వాట్సాప్ తప్ప మరొకటి తెలియదు. ప్రసంగం ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమి చెప్పాలి?"

ఏఐ అంటే ఏమిటో వివరిస్తూ మొదలుపెట్టకండి. ఎంత తేలిక మాటల్లో చెప్పినా ఆ వివరణ వాళ్ల చేతిలోని ఫోనుకు దూరంగానే ఉండిపోతుంది. డెల్టా గ్రామాల్లో పెద్దవాళ్లతో ఇలాంటి సమావేశాలు చాలాకాలంగా నడుపుతున్నాను. నా సలహా ఏమిటంటే, రెండే రెండు ఫొటోలు ఎంచుకోండి. ఒకటి, కత్తిరించిన మాత్రల షీటు. రెండోది, పాడైపోయిన పాత పెళ్లి ఫొటో. మొదటిదాన్ని ఏఐ చదువుతుంది, రెండోదాన్ని బాగుచేస్తుంది. రెండింటిలోనూ అది చేసే పని మాత్రం ఒక్కటే: కనిపించినదాన్ని చూస్తుంది, కనిపించనిదాన్ని ఊహించి పూరిస్తుంది. ఎక్కడివరకు చూసిందో, ఎక్కడి నుంచి ఊహించిందో చాలాసార్లు తనంతట తాను విడదీసి చెప్పదు. మీ పెద్దలు ఈ ఒక్క సంగతి పట్టుకుని ఇంటికి వెళితే చాలు, మిగతావన్నీ మీ ఊరి పిల్లలు చూపిస్తారు.

మాత్రల షీటుతో ఎందుకంటే, అది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, దాని మీద మన పేరు, చిరునామా ఉండవు. మెడికల్ షాపులో పూర్తి షీటు కొననివాళ్లకు అయిదో ఆరో మాత్రలు కత్తిరించి ఇస్తారు. అలా కత్తిరించినప్పుడు మందు పేరు మధ్యలో తెగిపోతుంది. బీపీకి వాడే లోసార్టాన్, టెల్మిసార్టాన్, ఓల్మిసార్టాన్ మూడూ "సార్టాన్" అనే ముగుస్తాయి. వీటిలో టెల్మిసార్టాన్, ఓల్మిసార్టాన్ రెండూ 40 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతాయి. అంటే షీటు ముక్క మీద "sartan 40" అనే భాగం మాత్రమే మిగిలితే అది ఏ మందో ఎవరికీ తెలియదు. ఫార్మసిస్టుకైనా తెలియదు. ఏఐ మాత్రం చాలాసార్లు ఏదో ఒక పేరు చెప్పేస్తుంది.

ముందురోజు ఇలాంటి ముక్క ఒకటి సంపాదించి మీ ఫోనులో ప్రయత్నించి చూసుకోండి. సభలో అందరికీ కనిపించేలా అదే చేయండి. మాటలు ఇలా ఉండవచ్చు:

"పెద్దలందరికీ నమస్కారం. మామ్మగారూ, ఈ షీటు చూడండి. పేరు సగమే ఉంది కదా? ఇప్పుడు దీన్ని ఫొటో తీసి, ఇది ఏ మందు అని అడుగుతున్నాను. చూశారా, పేరు మొత్తం చెప్పింది, దేనికి వాడతారో కూడా చెప్పింది. మరి ఆ ముందు అక్షరాలు దానికి ఎక్కడ కనిపించాయి? ఎక్కడా కనిపించలేదు. అలాంటి షీట్లు లక్షల్లో చూసింది కాబట్టి, ఇదీ అదే అయి ఉంటుందని అనుకుంది. ఇప్పుడు మరోలా అడుగుతాను: ఈ షీటు మీద కనిపిస్తున్న అక్షరాలు మాత్రమే చదువు, తెగిపోయినచోట తెగిపోయిందని చెప్పు, ఊహించవద్దు."

రెండోసారి జవాబు సాధారణంగా మెరుగ్గా వస్తుంది. సగం పేరే కనిపిస్తోందని ఒప్పుకుంటుంది. ఒకవేళ మొదటిసారే సరిగ్గా ఒప్పుకుంటే కంగారు పడకండి, ఆ మాటే చెప్పండి: "ఈసారి నిజం చెప్పింది, ప్రతిసారీ చెబుతుందన్న హామీ లేదు." ఊహించవద్దని చెప్పినంతమాత్రాన ఊహ పూర్తిగా ఆగదని కూడా అక్కడే చెప్పాలి. అందుకే జవాబు రాగానే షీటును కళ్లముందు పెట్టుకుని, అది చెప్పిన అక్షరాలు నిజంగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. చూపు ఆననివాళ్లు అదే ఫొటోను ఫోనులో వేళ్లతో పెద్దది చేసి చూడవచ్చు. నా అనుభవంలో చాలామందికి ఏఐ కన్నా ఈ పెద్దది చేసుకోవడమే ఎక్కువ ఉపయోగపడింది.

గడువు తేదీ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చాలా షీట్ల మీద ఆ అంకెలను సిరాతో అచ్చువేయరు, రేకు మీద ఒత్తుతారు. ఎదురుగా వెలుతురు పడితే అవి మెరిసిపోయి 3కీ 8కీ, 5కీ 6కీ తేడా పోతుంది. ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన షీటును కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే అంకెల అంచున నీడ పడి స్పష్టంగా వస్తాయి. మన కంటికి చదవడం కష్టమైన ఫొటో చాలావరకు ఏఐకీ కష్టంగానే ఉంటుంది. కాబట్టి ఫొటో పంపేముందు మనం చదవగలుగుతున్నామా అని చూసుకోవడం మంచి కొలమానం. మాత్ర వేసుకోవాలా, మానాలా, రెండు వేసుకోవచ్చా అన్న ప్రశ్నలు మాత్రం డాక్టరుకో మెడికల్ షాపులోని ఫార్మసిస్టుకో వదిలిపెట్టమని గట్టిగా చెప్పండి. ఏఐ చిన్న అక్షరాలు చదివిపెట్టే మనిషిగా పనికొస్తుంది, వైద్యుడిగా కాదు.

ఇక్కడే ఇంకో మాట కలిపేయండి, ఎందుకంటే దీనికి విడిగా సమయం దొరకదు. మాత్రల షీటు ఫొటో తీసేటప్పుడు దాన్ని చాలామంది మంచం మీదో, బీరువా పక్కన బల్ల మీదో పెడతారు. పక్కనే బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్ కార్డు, పట్టాదారు పాస్‌పుస్తకం ఉంటాయి. మనం షీటునే చూస్తాం. ఏఐకి ఫొటో మొత్తం వెళుతుంది. మూలన ఉన్న ఖాతా నంబరు కూడా దానికి కనిపిస్తుంది.

"తాతగారూ, మీ అబ్బాయికి వాట్సాప్‌లో ఫొటో పంపితే అది మీ ఇద్దరి మధ్యే ఉంటుంది, మధ్యలో ఆ కంపెనీ కూడా చూడలేదు. అదే వాట్సాప్‌లో గుండ్రంగా రంగుల వలయం ఒకటి కనిపిస్తుంది చూడండి, అది ఏఐ. దానికి పంపిన ఫొటో కంపెనీకి చేరుతుంది. రెండూ ఒకే వాట్సాప్‌లో ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటే అనుకోవద్దు. పంపేముందు ఫొటో నాలుగు మూలలూ ఒకసారి చూడండి. అక్కర్లేనిది ఏదైనా ఉంటే కత్తిరించి పంపండి."

కత్తిరించడం చేసి చూపించండి. చాలా ఫోన్లలో ఫొటో తెరిచి `Edit`, ఆ తరువాత `Crop` నొక్కి, మూలలను లోపలికి జరిపి, `Save copy` నొక్కాలి. పాత ఫొటో అలాగే ఉంటుంది, కొత్త ముక్క విడిగా దాచుకుంటుంది. ఈ ఒక్క పని ప్రతివాళ్లచేతా వాళ్ల వేళ్లతోనే చేయించండి, మీరు ఫోను లాక్కుని చేసిపెట్టకండి. "తరువాత చెరిపేస్తే పోతుంది కదా" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. గూగుల్ వారి ఏఐ అయిన జెమినై విషయంలో ఆ కంపెనీయే స్పష్టంగా రాసింది: కొన్ని సంభాషణలను మనుషులు పరిశీలిస్తారు, అలా పరిశీలించినవి మనం చెరిపినా 3 సంవత్సరాల వరకు వాళ్ల దగ్గర ఉండవచ్చు, రహస్యమైనవేవీ అందులో పెట్టవద్దు. ఈ మాట చదివి వినిపిస్తే చాలు, భయపెట్టాల్సిన అవసరం లేదు. దుబాయిలోనో అమెరికాలోనో ఉన్న మనవల ఫొటోలైతే, ముందు వాళ్ల అమ్మానాన్నలను అడిగాకే ఏ ఏఐకైనా పంపమనండి. ఫొటోలు బాగుచేసే యాప్ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును మాత్రం ఎవరు పంపినా తెరవవద్దని చెప్పండి. అది ఫొటోల వ్యవహారం కాదు, బ్యాంకు ఖాతా ఖాళీ చేసే వ్యవహారం.

ఇక పెళ్లి ఫొటో. అసలు జనం వచ్చేది దీనికోసమే. మన ప్రాంతంలో పాత ఫొటోలు బాగా ఉన్న ఇల్లు అరుదు. 1986 ఆగస్టు వరదలో కొన్ని పోయాయి, 1996 నవంబరు 6 తుపానులో కప్పులు లేచిపోయి ఇంకొన్ని తడిశాయి. మిగిలినవి గాలిలో తేమకు బూజుపట్టి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయాయి. ముందుగా చెప్పాల్సిన మాట ఏఐ గురించి కాదు: అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకవద్దు. బొమ్మ ఉన్న పొర అద్దంతోపాటు ఊడిపోతుంది, ఆ తరువాత ఏ యంత్రమూ దాన్ని తిరిగి తేలేదు. అద్దంతో సహా ఫొటో తీసుకోవాలి. అరుగు మీద నీడలో, ఉదయం వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయాలి. అద్దంలో ఆకాశమో మన తెల్లచొక్కానో ప్రతిఫలిస్తుంటే, ఫోను వెనుక ఒక నల్లటి గుడ్డ పట్టుకుంటే ఆ మెరుపు పోతుంది. ఫోనును ఫొటోకు సమాంతరంగా, ఫ్రేము తెరంతా నిండేలా పట్టుకోవాలి.

తెరంతా నిండాలని ఎందుకు అంటున్నానో లెక్కతో చూపిస్తాను, ఈ లెక్క మీకోసం, సభలో చెప్పనక్కర్లేదు. పెళ్లి బృందం ఫొటో 15 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, అందులో పెళ్లికొడుకు ముఖం 1 సెంటీమీటరు. ఫోను కెమెరా అడ్డంగా 4000 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చిన్న చుక్కలు, పట్టుకుంటే, ఫ్రేము తెరంతా నిండినప్పుడు ఆ ముఖానికి సుమారు 260 చుక్కలు దక్కుతాయి. గోడ మీద వేలాడుతున్న ఫొటోను దూరం నుంచి తీస్తే అది తెరలో మూడోవంతే ఉంటుంది, ముఖానికి 90 కూడా రావు. దాన్ని వాట్సాప్‌లో మామూలుగా మనవడికి పంపితే వాట్సాప్ బొమ్మను కుదిస్తుంది. వెడల్పు సుమారు 1600 చుక్కలకు తగ్గితే ఆ ముఖానికి మిగిలేది 35. ఆ 35 చుక్కల్లోనే కళ్లు, ముక్కు, మీసం, నవ్వు అన్నీ ఇమడాలి. అక్కడి నుంచి ఏఐ ఇచ్చే నిగనిగలాడే పెద్ద ముఖంలో మీ తాతగారిది ఎంత ఉంటుందో ఆలోచించండి. మిగతాదంతా అది చూసిన వేరే మనుషుల ముఖాల నుంచి వచ్చిందే. కాబట్టి ఫొటో ఉన్న ఇంట్లోని ఫోనుతోనే దగ్గరగా తీసి, నేరుగా ఏఐకి ఇవ్వడం మంచిది. ఎవరికైనా పంపాల్సి వస్తే వాట్సాప్‌లో `HD` నొక్కో, డాక్యుమెంటుగానో పంపాలి.

ఏఐకి చెప్పే మాటలు తెలుగులోనే చెప్పవచ్చు, టైపు చేయలేనివాళ్లు మైకు గుర్తు నొక్కి మాట్లాడవచ్చు. "ఈ పాత ఫొటోలో మరకలు, గీతలు మాత్రమే తీసేయి. ముఖాలు మార్చవద్దు. నగలు, బొట్టు మార్చవద్దు. రంగులు వేయవద్దు." ఈ నాలుగు వాక్యాలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంచిపెట్టండి. అయితే ఇలా చెప్పినా బొమ్మను సృష్టించే ఏఐ చాలావరకు ఫొటో మొత్తాన్నీ మళ్లీ గీస్తుంది, మరక ఉన్నచోట మాత్రమే తుడవదు. అందుకే వచ్చినదాన్ని పాతదాని పక్కన పెట్టి పోల్చడం ప్రసంగంలో అతి ముఖ్యమైన ఘట్టం. దీనికే ఎక్కువ సమయం ఉంచుకోండి.

"మామ్మగారూ, ఇది మీ పెళ్లి ఫొటో. ఇది ఇప్పుడు యంత్రం చేసిచ్చింది. ముందు ముఖం చూడకండి, అందంగా ఉంది కాబట్టి మనసు వెంటనే ఒప్పేసుకుంటుంది. చిన్నవాటిని చూద్దాం. బుగ్గన చుక్క పెట్టారు కదా, అది ఇందులో ఉందా? లేదు. నల్లగా చిన్నగా ఉంది కాబట్టి మరక అనుకుని తుడిచేసింది. నుదుట కట్టిన బాసికం చూడండి. ముత్యాల పట్టీలా మార్చేసింది. ముక్కుపుడక ఏ వైపు ఉంది? మీ చేతికి గాజులు ఎన్ని? తాతగారి చెవి ఇలాగే ఉండేదా? ఇప్పుడు ముఖం చూడండి. ఈ కళ్లు ఆయనవేనా?"

ఇక్కడ రాసిన మార్పులు ఇలాగే వస్తాయని కాదు, మీ ఫొటోలో వేరేవి రావచ్చు. కానీ వెతకాల్సిన చోట్లు ఇవే: చెవులు, వేళ్లు, నగలు, నుదురు, వెనుక వరుసలో సగం కనిపించే మనుషులు. తెలుగు పెళ్లిలో ఉండే బాసికం వంటివి ఏఐ తక్కువ చూసి ఉంటుంది కాబట్టి తనకు బాగా తెలిసిన నగలోకి వాటిని మార్చే అవకాశం ఎక్కువ. వెనుక వరుసలోనివాళ్లను మరీ శ్రద్ధగా చూడాలి. ముందున్న జంట మీదే అందరి దృష్టి ఉంటుంది, వెనుక నిలబడ్డ పెదనాన్న ముఖం పూర్తిగా వేరే మనిషిదైనా ఎవరూ గమనించరు.

రంగులు వేయవద్దని ఎందుకు చెప్పించాలంటే, నలుపు తెలుపు ఫొటోలో చీర రంగు తాలూకు సమాచారమే లేదు. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ రెండూ అందులో దాదాపు ఒకే బూడిదరంగుగా పడి ఉంటాయి. పెళ్లికూతురు అనగానే ఏఐ ఎరుపు వేయడానికి మొగ్గవచ్చు. మనవైపు చాలా పెళ్లిళ్లలో తాళి కట్టేవేళకు వధూవరులు తెల్లటి మధుపర్కాల్లో ఉంటారు. చీర రంగు తెలిసిన మనిషి మీ ముందే కూర్చుని ఉంది, ఆవిడనే అడగండి. నేను ఎక్కడికి వెళ్లినా ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాను. అంచు రంగు మొదలుకొని ఆ చీర ఏ ఊళ్లో కొన్నారో, ఎవరు కొన్నారో దాకా చెబుతారు. అది రాసుకుని, కావాలంటే ఆ రంగులే వేయమని ఏఐకి చెప్పవచ్చు. అప్పుడు కనీసం చీరైనా నిజమవుతుంది.

ఇంటింటా ఎదురయ్యే అసలు అవసరం మరొకటి ఉంది. పోయినవాళ్లకు విడి ఫొటో ఉండదు, ఏదో పెళ్లి బృందంలో చిన్న ముఖం ఒక్కటే ఉంటుంది. పెద్దకర్మకు ఫ్లెక్సీ కోసమో, పూలదండ వేయడానికి ఫ్రేము కోసమో దాన్ని పెద్దది చేయిస్తారు. వచ్చిన ముఖం చక్కగా ఉంటుంది, హడావుడిలో ఎవరూ మాట్లాడరు. తరువాత ఏళ్లతరబడి గోడ మీద అదే ఉంటుంది, అసలు మనిషిని చూడని మనవలకు తాత అంటే ఆ ముఖమే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. వద్దని చెప్పలేము, ఇంట్లో ఫొటో కావాలన్న కోరిక న్యాయమైనది. చేయగలిగింది ఏమిటంటే, ఏఐ చేసిన దానిని ఇంట్లోవాళ్లకు చూపించేముందు పోయిన మనిషిని దగ్గరగా చూసిన ఇద్దరిని విడివిడిగా అడగాలి: చెల్లెలో, తోడికోడలో, పొలంలో కలిసి పనిచేసిన స్నేహితుడో. ఇద్దరూ తడుముకోకుండా గుర్తుపడితే సరే. "పోలిక ఉంది" అని ఆగిపోతే అది పోలిక మాత్రమే. అప్పుడు మసకగా ఉన్నా అసలు ముఖాన్నే ఓ మోస్తరు సైజులో వేయించడం మేలు. చిన్న ఫొటోను అడుగున్నర ఫ్రేములో వేస్తేనే ముక్కలైనట్లు కనిపిస్తుంది, అరచేతి సైజులో వేస్తే చాలావరకు నిలబడుతుంది.

బాగుచేసిన ఫొటోను కుటుంబ గ్రూపులో పెట్టేటప్పుడు రెండు పద్ధతులు నేర్పించండి. అసలు ఫొటోను కూడా పక్కనే పంపాలి, కింద "ఇది ఏఐతో దిద్దినది" అని రాయాలి. జెమినై వంటివి తాము చేసిన బొమ్మలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాయి, కానీ గ్రూపులో చూసే మేనకోడలికి అది తెలియదు కాబట్టి మన మాట రాయడమే పద్ధతి. అసలు ఫొటో వెనుక ఉన్న రాతను కూడా, తేదీనో స్టూడియో ముద్రనో, ఫొటో తీసి పెట్టమనండి. బాగుచేసిన కాపీకి వెనుక వైపు ఉండదు.

చివర్లో ప్రశ్నల సమయానికి ఒక ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి, ఎందుకంటే అది తప్పకుండా వస్తుంది: "ఆయన నవ్వుతున్నట్టు, మాట్లాడుతున్నట్టు చేస్తారట, నిజమేనా?" నిజమే, ఒక్క ఫొటో నుంచి కొన్ని క్షణాల వీడియో చేసే ఏఐలు ఉన్నాయి. జవాబు నేరుగా చెప్పండి. ఆ నవ్వు ఆయనది కాదు, ఫొటోలో నవ్వు లేదు కాబట్టి అది వేరేవాళ్ల నవ్వుల నుంచి తెచ్చింది. గొంతు కూడా అంతే, ఆయన మాట్లాడిన రికార్డు ఏదీ ఇవ్వకపోతే అది ఎవరిదో. అయినా చూడాలనుకుంటే అది వాళ్ల ఇష్టం. కానీ సభలో అందరి ముందూ చేసి చూపించకండి, ఎవరో ఒకరు అడిగినా సరే. ఇంటికి వెళ్లి, పిల్లలు పక్కన ఉన్నప్పుడు, ఆవిడే అడిగితే చేయండి. ముందు ఒక్కసారి మీరు చూసి, ముఖం వంకర తిరగడం, పళ్లు కలిసిపోవడం వంటివి ఉంటే చూపించకుండా మళ్లీ చేయండి.

సభ ఏర్పాట్ల గురించి ఒక్క మాట. రామాలయం దగ్గర సిగ్నలు ఎలా ఉంటుందో ముందే చూసుకోండి. ఫొటో పైకి వెళ్లడానికి నిమిషం పడితే పెద్దవాళ్లు తాము ఏదో తప్పు నొక్కామనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతారు. రెండు ఫొటోల ఫలితాలనూ ముందురోజే చేసి ఫోనులో దాచుకోండి, కాగితం మీద పెద్దగా ముద్రించి పెట్టుకుంటే ఇంకా మంచిది. పాతదీ కొత్తదీ చేతికిస్తే వాళ్లు వెలుతురులోకి తీసుకెళ్లి తేడాలు వెతుకుతారు, మీకు కనిపించనివి కూడా పట్టుకుంటారు. పెళ్లి ఫొటో ఎవరిదో వాళ్ల అనుమతి ముందుగానే తీసుకోండి. ఆవిడ సభలో కూర్చుని ఉంటే బుగ్గ చుక్క సంగతి మీరు చెప్పకుండా ఆవిడనే చెప్పనివ్వండి.